"చంపాలని కొట్టలేదు" అంటే సరిపోద్దా? మర్డర్‌కీ, మర్డర్ కాని నరహత్యకీ తేడా

ఇది కొంచెం పెద్ద పోస్టు. బస్సులో చదివేది కాదు, హాస్టల్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లాను. మాది రోలుగుంట మండలంలో కొండమీద గూడెం. మాకు చిన్నాన్న వరసయ్యే ఒకాయన ఇప్పుడు రిమాండ్‌లో ఉన్నాడు. పక్క గూడెంలో పెళ్లికి వెళ్లాడు. అందరూ తాగి ఉన్నారు, పాత గట్టు తగాదా మళ్లీ లేచింది, ఈయన కర్రతో కొట్టాడు, అవతలి మనిషి పోయాడు. ఆ మనిషి కూడా మనవాడే. ఆయనకీ పిల్లలున్నారు. అందుకే ఈ పోస్టు ఎవరినో వెనకేసుకురావడానికి రాయట్లేదని ముందే చెప్తున్నాను.

ఆ రాత్రి నెగడు దగ్గర ఇదే మాట నడిచింది. ఒక పెద్దాయన, "సంపాలని కొట్టలేదు కదరా, మడ్డర్ ఎలగవుద్ది?" అన్నాడు. ఇంకొకాయన, "మనిషి పోయినాక మడ్డర్ కాక మరేటి?" అన్నాడు. ఊళ్లో డిగ్రీ చదువుతున్నది నేనొక్కడినే కాబట్టి అందరూ నావైపు చూశారు. నేను బీఏ, లా కాదు. నాకూ తెలియదు. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప ఎక్కినవాళ్లు లేరు, అడగడానికి కూడా ఎవరూ లేరు. సెలవులయ్యాక లైబ్రరీలో కూర్చుని చదివాను, నర్సీపట్నంలో ఒక లాయర్ గారిని రెండుసార్లు కలిసి అడిగాను. చివరికి తేలింది ఏంటంటే ఆ ఇద్దరు పెద్దాయనలదీ తప్పే. అందులో మొదటాయన తప్పు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే మనవాళ్లు స్టేషన్‌లో, కోర్టులో ఆ ఒక్క మాట పట్టుకునే కూర్చుంటారు.

ముందు సెక్షన్ల సంగతి రెండు మాటల్లో. మన ఊళ్లల్లో ఇంకా "302 పెట్టారు" అంటారు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకి పాత ఐపీసీ కాదు, భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నేరపూరిత నరహత్య అంటే ఏంటో 100వ సెక్షన్, అది ఎప్పుడు మర్డర్ అవుతుందో 101 చెప్తాయి. మర్డర్‌కి శిక్ష 103లో ఉంది: ఉరి లేదా యావజ్జీవం, జరిమానా. అంతకు తగ్గేది లేదు. మర్డర్ కాని నరహత్యకి శిక్ష 105లో ఉంది. నంబర్లు మారాయి గానీ లోపలి మాటలు దాదాపు పాతవే. అందుకే పాత తీర్పులే ఇప్పటికీ చూస్తారు.

నరహత్య అనేది పెద్ద గంప అనుకోండి. మర్డర్ ఆ గంపలోనే ఉంటుంది, అందులో అన్నిటికంటే బరువైనది. ప్రతి మర్డరూ నరహత్యే, ప్రతి నరహత్యా మర్డర్ కాదు. గంపలో ఏది ఏదని తేల్చడానికి కోర్టు రెండు సంగతులు చూస్తుంది. కొట్టినవాడు ఏం కోరి కొట్టాడు? కోరకపోయినా, ఏం తెలిసి కొట్టాడు? కోరడం వేరు, తెలియడం వేరు. ఎండిపోయిన పోడు పక్కన చుట్ట కాల్చి పారేసినవాడు కొండ తగలబడాలని కోరుకోడు, కానీ తగలబడొచ్చని వాడికి తెలుసు. చట్టం ఈ రెండింటినీ విడివిడిగా తూకం వేస్తుంది.

ఇప్పుడు మొదటి పెద్దాయన మాటకి వద్దాం. చంపాలనే కోరిక లేకపోతే మర్డర్ కాదా? అవుతుంది. దీనికి మన రాష్ట్రం నుంచే దేశమంతా చెప్పుకునే కేసు ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రాయవరపు పున్నయ్య. సుప్రీంకోర్టు 1976లో తీర్పు ఇచ్చింది, రాసింది జస్టిస్ సర్కారియా. లా చదివే ప్రతివాడికీ ఈ కేసు తెలుసంట. నాకు మాత్రం మొన్నటిదాకా తెలియదు.

జరిగింది 1968లో, అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల. ఊళ్లో రెండు పార్టీలు, పాత పగలు. ఒక పార్టీ మనిషి, వయసు 55 దాకా ఉంటుంది, బస్సులో వెళ్తున్నాడు. అవతలి పార్టీవాళ్లూ అదే బస్సెక్కారు. నెకరికల్లు దగ్గర బస్సు ఆగితే ఆయన దిగి పక్కనున్న సత్రంలోకి వెళ్లాడు. అక్కడే బరువైన కర్రలు అందుకుని, వెంటపడి కొట్టారు. తలమీద కొట్టలేదు, గుండెమీద కొట్టలేదు. కాళ్లు, చేతులే కొట్టారు. చూస్తున్న ఒకాయన, మనిషిని గేదెను బాదినట్టు బాదుతున్నారేంటని అడిగాడు. అడగడానికి నువ్వెవడివని కసిరి, స్పృహ తప్పేదాకా కొట్టి, కర్రలు అక్కడే పారేసి వెళ్లిపోయారు. డాక్టరు లెక్కపెడితే 19 గాయాలు. అందులో తొమ్మిది ఎముక విరిగినవో కీలు తప్పినవో. మరుసటి రోజు తెల్లవారకముందే ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు.

సెషన్స్ కోర్టు మర్డర్ అంది, యావజ్జీవం వేసింది. హైకోర్టు కాదంది. చంపాలనుకుంటే తలమీద కొట్టేవాళ్లు కదా, ప్రాణం పోయే చోట ఒక్క దెబ్బా లేదు, కాబట్టి చంపే ఉద్దేశం లేదు, చావొచ్చని తెలిసి ఉండొచ్చు అంతే అని, మర్డర్ కాని నరహత్యగా మార్చి శిక్ష ఐదేళ్లకు తగ్గించింది. మన పెద్దాయన నెగడు దగ్గర చెప్పిన మాటే, హైకోర్టు భాషలో.

సుప్రీంకోర్టు మళ్లీ మర్డరే అంది. ఎలాగన్నది మనం బాగా అర్థం చేసుకోవాలి. మర్డర్ కావడానికి చట్టంలో నాలుగు దారులున్నాయి. చంపాలనే కోరిక వాటిలో మొదటి దారి మాత్రమే. మూడో దారి ఏం చెప్తుందంటే: ఆ మనిషికి ఆ గాయం చేయాలని కోరితే చాలు. ఆ గాయం మామూలుగా మనిషి చావడానికి సరిపోయేదైతే అది మర్డర్. చావు కోరావా అని ఈ దారిలో అడగరు. ఈ కేసులో కర్రలు బరువైనవి, ముందే అనుకుని వచ్చారు, కొట్టించుకున్నవాడు వయసు మళ్లినవాడు, ఆయుధం లేనివాడు, దెబ్బలు అనుకోకుండా తగిలినవి కావు. ఏ ఒక్క దెబ్బా విడిగా చంపేది కాకపోయినా, అన్నీ కలిపితే మనిషి చావడానికి సరిపోతాయని డాక్టరు చెప్పాడు. అక్కడితో తేలిపోయింది.

ఈ మూడో దారిని ఎలా నడవాలో 1958లోనే సుప్రీంకోర్టు విర్సా సింగ్ అనే పంజాబ్ కేసులో చెప్పింది. అక్కడ ఒక్కటే పోటు, ఈటెతో కడుపులో. పేగులు బయటికొచ్చాయి, మర్నాడు మనిషి పోయాడు. ఒక్క పోటే కదా అన్న వాదన నిలబడలేదు. కోర్టు మెట్లుమెట్లుగా అడగమంది. గాయం ఉందా? అది ఎలాంటిది, ఎక్కడ, ఎంత లోతు? ఆ గాయాన్నే చేయాలనుకున్నాడా, లేక చెయ్యి జారిందా, అవతలివాడు కదలడంవల్ల ఇంకోచోట తగిలిందా? ఈ మూడూ అయ్యాకే నాలుగోది: అది మామూలుగా చావుకి సరిపోయే గాయమేనా? ఈ చివరి ప్రశ్నకి ముద్దాయి మనసుతో పని లేదు, డాక్టరు మాటతో పని.

కాబట్టి మన సంతలో జరిగేది ఊహించుకోండి. రాజు అనేవాడు బాకీ విషయంలో సోములు కాలిమీద వెదురు కర్రతో ఒక్కటి వేశాడు. చిన్న గాయం. అది చీము పట్టి ఇరవై రోజుల తర్వాత సోములు పోయాడు. రాజు కోరిన గాయం మామూలుగా మనిషిని చంపేది కాదు. ఇది మర్డర్ వైపు వెళ్లడం చాలా కష్టం, గాయపరిచిన కేసు దగ్గరే ఆగొచ్చు. అదే రాజు గొడ్డలి తెచ్చి మెడమీద ఒక్కటే వేసి, "బెదిరిద్దామనే వేశాను" అంటే? మెడమీద గొడ్డలి వేటు వేయాలనుకున్నాడు, వేశాడు. ఆ వేటు చంపుతుంది. ఒక్క దెబ్బ, పది దెబ్బలు అన్న లెక్క మనం పెట్టుకున్నదే, చట్టంలో లేదు.

"తాగున్నాడు" అన్నది కూడా మనవాళ్లు పెద్ద కవచం అనుకుంటారు. తనంతట తాను తాగినవాడికి, తాగకపోతే ఏం తెలిసి ఉండేదో అది తెలిసినట్టే చట్టం లెక్కవేస్తుంది. జీలుగు కల్లు మీదకి నెట్టేస్తే కుదరదు.

ఇప్పుడు రెండో దారి. ఇది మన కొండల్లో వాళ్లకి బాగా తెలియాల్సినది, ఎందుకంటే ఇది మలేరియా కథ. చలిజ్వరం పదేపదే వస్తే కొందరికి కడుపులో ఎడమ పక్క బల్ల పెరుగుతుంది. ప్లీహం ఉబ్బిపోతుంది. అలాంటివాడికి కడుపులో గట్టిగా గుద్దితే, మామూలు మనిషికి నొప్పి పుట్టే దెబ్బకే లోపల పగిలి చనిపోవచ్చు. చట్టం ఏమంటుందంటే, ఆ జబ్బు ఉందని తెలిసి, ఈ దెబ్బకి పోతాడని తెలిసి, కావాలనే కొడితే మర్డర్. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆ దెబ్బ ప్రమాదం కాకపోయినా సరే మర్డరే. జబ్బు సంగతి తెలియకుండా, మామూలు మనిషి చావని దెబ్బ కొడితే మర్డర్ కాదు.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ "తెలియదు" అనే మాటని ఒకప్పుడు ఎవరు వాడుకున్నారో చూడండి. 1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు తన గుర్రపు సేవకుడిని కొట్టాడు. ఆ మనిషి బల్ల పగిలి చనిపోయాడు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. వైస్రాయ్ లిట్టన్ కూడా ఇది చాలా తక్కువని తప్పుపట్టాడు. అదే 1876లో బొంబాయి హైకోర్టుకి గోవింద అనే కుర్రాడి కేసు వచ్చింది. 18 ఏళ్లవాడు, 15 ఏళ్ల భార్యను తన్ని, ఛాతీమీద మోకాలు పెట్టి, ముఖంమీద పిడికిలితో గుద్దాడు, ఆ పిల్ల చనిపోయింది. జస్టిస్ మెల్విల్ మర్డర్ కాదని, నరహత్య అని చెప్పి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేశాడు. రెండు కేసుల్లోనూ ఆయుధం లేదు, రెండింట్లోనూ మనిషి పోయాడు. ఒకడికి ఏడేళ్లు, ఒకడికి ముప్ఫై రూపాయలు. సెక్షన్ ఎంత చక్కగా రాసినా, "వాడికి ఏం తెలుసు" అని నిర్ణయించేది మనుషులే. నాకైతే పుస్తకంలో ఆ పేజీ దగ్గర కాసేపు ముందుకు వెళ్లబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి, కరెంటు తీగలు. అడవి పందుల కోసం చేనుచుట్టూ తీగ కట్టి లైన్ నుంచి కరెంటు ఇస్తారు. మనిషి తగిలి పోతే ఏ కేసు? ఇది ఒకే జవాబున్న ప్రశ్న కాదు. సుప్రీంకోర్టుకి బిహార్ నుంచి చెరుబిన్ గ్రెగరీ అనే కేసు వచ్చింది. ఇరుగుపొరుగు తన మరుగుదొడ్డి వాడకుండా ఒకాయన దారిలో కరెంటు తీగ పెట్టాడు, పొరుగింటామె తగిలి చనిపోయింది. నా స్థలంలో పెట్టుకున్నాను అన్న వాదన చెల్లలేదు. కానీ శిక్ష పడింది నిర్లక్ష్యంవల్ల చావుకి కారణమైన నేరం కింద. అది నరహత్యకంటే కింది మెట్టు, కొత్త చట్టంలో 106, ఐదేళ్ల దాకా జైలు. అయితే మన గూడెంవాళ్లు రోజూ రాత్రి నడిచే దారికి అడ్డంగా, ఎవరో ఒకరు తగులుతారని తెలిసి కూడా పెద్ద లైన్ నుంచి కరెంటు లాగి పెడితే? అప్పుడు మాట నిర్లక్ష్యం దాటి "తెలిసి చేశాడు" దగ్గరికి వస్తుంది. 105 రెండో భాగం, పదేళ్ల దాకా. తెలిసింది ఎంత ఖాయంగా తెలిసిందన్నదాన్ని బట్టి ఇంకా పైకి కూడా వెళ్లొచ్చు. తీగ అదే, మనిషి అతనే. దారి ఎవరు వాడతారో, హెచ్చరిక పెట్టాడో లేదో, ఊళ్లో చాటింపు వేశాడో లేదో, వీటిమీద మెట్టు మారుతుంది.

చట్టం పుస్తకంలోనే వేటకి దగ్గరైన ఉదాహరణ ఉంది, చదివి నవ్వొచ్చింది. ఒకడు దొంగతనంగా కోడిని కొట్టేయాలని తుపాకీ పేల్చాడు, పొద వెనకున్న మనిషి పోయాడు. అక్కడ మనిషున్నాడని వాడికి తెలియదు. వాడు చేసేది తప్పు పనే అయినా ఇది నరహత్య కాదంటుంది చట్టం. కోరనూ లేదు, తెలియనూ లేదు. ఇటుకల పండక్కి వేటకెళ్లేవాళ్లకి ఈ ఉదాహరణ ఎవరూ చెప్పి ఉండరు. అలాగని దీన్ని అభయం అనుకోకండి. నాటు తుపాకీ దగ్గరుంటే అదొక వేరే కేసు. పొదలో మనిషి ఉండొచ్చని తెలిసే పేల్చాడని సాక్షి చెప్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు రెండో పెద్దాయన మాట. మనిషి పోతే మర్డరే అన్నాడు కదా. మర్డర్ దారిలోకి వచ్చిన కేసు కూడా కొన్నిచోట్ల కిందికి దిగుతుంది. చట్టంలో ఐదు మినహాయింపులున్నాయి. మన ఊళ్లకి ఎక్కువగా తగిలేవి రెండు. ఒకటి, అప్పటికప్పుడు తట్టుకోలేనంతగా రెచ్చగొడితే, మనసు పట్టు తప్పి చంపడం. రెండు, ముందు అనుకోకుండా అప్పటికప్పుడు పుట్టిన కొట్లాటలో, ఆవేశంలో జరగడం. ఈ రెండోదానికి ఇంకో షరతు ఉంది: చంపినవాడు అవతలివాడి బలహీనతని వాడుకుని ఉండకూడదు, క్రూరంగా కొట్టి ఉండకూడదు. పడిపోయినవాడిని ఇంకా కొట్టినా, ఒట్టి చేతులవాడిమీద కత్తి తీసినా ఈ మినహాయింపు చేజారిపోవచ్చు.

రెండింటికీ ప్రాణం "అప్పటికప్పుడు" అన్న మాటలోనే ఉంది. నానావతి కేసు వినే ఉంటారు, సినిమాలు కూడా వచ్చాయి. నౌకాదళం అధికారి. భార్యకి వేరేవాడితో సంబంధం ఉందని ఆమె నోటే విన్నాడు. ఓడకి వెళ్లి రివాల్వర్ తీసుకుని, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లి కాల్చాడు. మధ్యలో సుమారు మూడు గంటలు గడిచాయి. కోపం చల్లారడానికి ఆ టైమ్ చాలని 1961లో సుప్రీంకోర్టు చెప్పి యావజ్జీవం ఖాయం చేసింది. మన దగ్గర చేతబడి అనుమానంతో చంపేవాళ్ల సంగతి దీనితో పోల్చి చూడండి. ఇంట్లో జ్వరం వచ్చి బిడ్డ పోయింది, ఫలానా ముసలాయన చేశాడన్నారు. నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు, రాత్రిపూట కలిసి వెళ్లారు. వాళ్ల దుఃఖం నిజమే అయ్యుండొచ్చు. కానీ అందులో అప్పటికప్పుడు అనేది ఎక్కడుంది? ఆ ముసలాయన వాళ్లని ఏం రెచ్చగొట్టాడు? నిద్రపోతున్నాడు. దీన్ని మర్డర్ అనడంలో కోర్టు మన ఆచారాన్ని అర్థం చేసుకోలేదనే వాదన నేను ఒప్పుకోను. గ్రూపులో కొందరన్నలు ఒప్పుకోకపోవచ్చు, కామెంట్‌లో రాయండి.

మినహాయింపు దొరికితే ఏమవుతుంది? 105లో రెండు భాగాలున్నాయి. చంపాలనో, చావు తెచ్చే గాయం చేయాలనో కోరి ఉంటే మొదటి భాగం: యావజ్జీవం, లేదా ఐదేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా. ఆ ఐదేళ్ల కనీసం కొత్త చట్టంలో వచ్చింది, పాతదాంట్లో లేదు. కోరిక లేకుండా తెలిసి మాత్రమే చేస్తే రెండో భాగం: పదేళ్ల దాకా. కనీసం లేదు, కాబట్టి జడ్జిగారు తక్కువా వేయొచ్చు. యావజ్జీవానికీ దీనికీ మధ్య ఒక మనిషి బతుకంత తేడా ఉంది. చిన్నాన్న కొడుకు ఇప్పుడు మూడో తరగతి.

ఇక డోలీ సంగతి. దెబ్బ తిన్న మనిషిని గూడెంనుంచి కిందికి మోసుకొచ్చేసరికి గంటలు పట్టింది, దారిలోనే పోయాడు. "రోడ్డుంటే బతికేవాడు, కాబట్టి కొట్టినవాడిది తప్పు కాదు" అని మా ఊళ్లో అన్నారు. చట్టం దీన్ని ఒప్పుకోదు. సరైన వైద్యం అందితే బతికేవాడే అయినా, గాయంవల్ల పోయాడు కాబట్టి గాయం చేసినవాడే చావుకి కారణం అని 100వ సెక్షన్ కిందే వివరణ రాసి ఉంది. రోడ్డు వెయ్యనివాళ్లమీద మనకున్న కోపం వేరే చోట చూపించాలి, ఈ కేసులో అది పని చెయ్యదు. అయితే ఆ గాయం మామూలుగా చావుకి సరిపోయేదా, లేక మామూలుగా బతికే గాయమేనా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. దాని జవాబు పోస్ట్‌మార్టం రిపోర్టులో ఒక వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యం రాసిన డాక్టరుని కోర్టులో ఎన్ని ప్రశ్నలు వేశారన్నదే సగం కేసు అని లాయర్ గారు అన్నారు.

నాకు భయం వేసేది ఇక్కడే. తేడా అంతా చిన్న చిన్న సంగతుల్లో ఉంది. కర్ర ఎంత లావు, ఎక్కడిది, ఎన్నో దెబ్బకి పడిపోయాడు, పడ్డాక కొట్టాడా, ముందు ఎవరు చెయ్యెత్తారు, మధ్యలో ఇంటికెళ్లి వచ్చాడా. ఇవన్నీ మొదటి రెండు రోజుల్లో చెప్పినవే కాగితంమీదకి ఎక్కుతాయి. మనవాళ్లు భయంతో "కొట్టాడు, సచ్చిపోయాడు" అని రెండే ముక్కలు చెప్తారు. చిన్నాన్న కేసులో సాక్షులచేత స్టేట్‌మెంట్‌మీద వేలిముద్రలు వేయించుకున్నారని విన్నాను. స్టేషన్ పేరు రాయను. పోలీసులు విచారణలో రాసుకునే సాక్షి వాంగ్మూలంమీద సాక్షి సంతకం పెట్టకూడదనే చట్టంలో ఉంది. సంతకం ఉండేది ఫిర్యాదుమీద. పోలీసు దగ్గర "నేనే చంపాను" అని ఒప్పుకున్నా అది ముద్దాయిమీద సాక్ష్యంగా చెల్లదు. లాయర్‌కి డబ్బుల్లేవని ఊరుకోనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ వస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి అర్జీ పెట్టాలి. చనిపోయినవాళ్ల కుటుంబం కూడా అక్కడికే వెళ్లొచ్చు.

ఇదంతా తెలుసుకున్నాక పోయిన ఆదివారం మళ్లీ ఊరెళ్లాను. పిన్నిని ఒక్కటే అడిగాను, ఆ కర్ర ఎక్కడిది అని. ఇంటినుంచి పట్టుకెళ్లాడా?

"ఇంటికాడ్నుంచి ఎందుకట్టికెళ్తాడు. పెళ్లోరు గాడిపొయ్యిలోకి తెచ్చి పడేసినారు కదా, ఆ కట్టెలే. గొడవయ్యాక అందులోది లాగినాడు" అంది.

మరి పడిపోయాక కొట్టాడా అంటే పిన్ని మాట్లాడలేదు. నేను చూడలేదు, వంటకాడున్నాను అంది. అది చూసినవాళ్లు ఇద్దరున్నారంట, ఇంకా ఎవరూ వాళ్లని ఆ మాట అడగలేదు. కట్టె సంగతీ స్టేట్‌మెంట్‌లో లేదు. ఆ రెండూ లాయర్ గారికి చెప్పడానికి రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. పడిపోయాక కొట్టాడని తేలినా సరే, అదీ చెప్తాను.

ఎవరికైనా ఇలాంటి కేసు దగ్గరగా తెలిసి ఉంటే, నేను రాసినదాంట్లో తప్పుంటే, కింద రాయండి. సరిచేసుకుంటాను.